భోగికి తెరిచి, కనుమకు మూసి

పనిదినాల లెక్క మీద నడిచే ‘జాబ్’కు, అంటే రోజూ ఒక నిర్ణీత వేళకు కంప్యూటర్ తనంత తానే నడుపుకొనే కార్యక్రమానికి, అడ్డు వచ్చే సెలవులు రెండు తెగలకు చెందినవి. మొదటి తెగ నియమాన్ని బట్టి వచ్చేది. ఆదివారాలు, 2015 సెప్టెంబరు 1 నుంచి బ్యాంకులు మూతపడుతున్న రెండో, నాలుగో శనివారాలు ఈ తెగలోవి. తేదీ తెలిస్తే చాలు, వీటిని లెక్క కట్టి చెప్పవచ్చు. రెండో తెగ ఉత్తర్వును బట్టి వచ్చేది. పండుగలకు, జయంతులకు బ్యాంకులు మూసే రోజులను 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ కింద ప్రభుత్వం ప్రకటిస్తుంది కనుక, ప్రకటన వెలువడే దాకా అవి సెలవులు కావు, వెలువడిన తరువాత మారవన్న హామీ కూడా లేదు. సెలవుల లెక్కలో వచ్చే తప్పుల్లో చాలా భాగం ఈ రెండో తెగను మొదటి తెగగా భావించి, పండుగ తేదీని కూడా సూత్రంతో రాబట్టవచ్చునని నమ్మడం వల్ల పుట్టినవే.

ఆ నమ్మకం ఎంత దూరం నిలుస్తుందో పంచాంగం చూసేవారికి వేరే చెప్పనక్కరలేదు. గోదావరి జిల్లాల్లో పాత పద్ధతి పంచాంగం తిరగేసే ఇంట్లోనూ, దృక్సిద్ధాంతాన్ని అనుసరించే పంచాంగం ఉన్న ఇంట్లోనూ ఒకే పండుగ ఒక్కొక్క ఏడు రెండు వేర్వేరు రోజులకు పడటం కొత్త సంగతి కాదు. రంజాన్ నెలవంక కనిపించడాన్ని బట్టి మారుతుందని సెలవుల ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. అందువల్ల తిథిని గణించే సూత్రం ఎంత సున్నితమైనదైనా దానికి ఇక్కడ చోటు లేదు. జాబ్‌కు కావలసింది పండుగ ఎప్పుడన్నది కాదు, బ్యాంకు ఎప్పుడు మూస్తారన్నది.

నియమంతో వచ్చే సెలవులైనా తేలికగా లొంగుతాయని అనుకోవడానికి లేదు. యూనిక్స్ తరగతి కంప్యూటర్లలో జాబ్ వేళలను ‘క్రాన్’ అనే ఏర్పాటుకు ఒక్క పంక్తిలో రాసి ఇస్తారు; నిమిషం, గంట, నెలలో తేదీ, నెల, వారం అనే అయిదు గడులు ఆ పంక్తిలో ఉంటాయి. రెండో శనివారం ఎప్పుడూ 8వ తేదీకీ 14వ తేదీకీ నడుమనే పడుతుంది కాబట్టి, ఆ సాయంత్రం ఆరున్నరకు ఏదైనా నడపాలనుకున్నవారికి ఈ పంక్తి సహజంగానే తోస్తుంది:

```
30 18 8-14 * 6
```

చూపుకు ఇది సరిగానే ఉంది. అయితే తేదీ గడి, వారం గడి రెండూ నిండి ఉన్నప్పుడు క్రాన్ ఆ రెండు షరతులూ కలిసిన రోజునే కాక, ఏ ఒక్కటి కుదిరిన రోజునైనా పని మొదలుపెడుతుంది. ఫలితంగా ఈ పంక్తి 8 నుంచి 14 దాకా ప్రతి రోజూ, ఆపైన నెలలోని ప్రతి శనివారమూ నడుస్తుంది. ఈ చిక్కు తెలిసినవారు క్రాన్‌కు సెలవుల పరిజ్ఞానం నేర్పే ప్రయత్నం మానుకొని, జాబ్‌ను రోజూ లేపి, లేచిన వెంటనే అది ఒక పట్టికను చూసి నేడు పనిదినం కాకపోతే మారు మాట్లాడకుండా నిద్రపోయేటట్లు ఏర్పాటు చేస్తారు.

ఆ పట్టికను రెండు విధాలుగా కట్టవచ్చు. సెలవు రోజులను మాత్రమే రాసిపెట్టుకోవడం ఒక విధం. చిన్నది, త్వరగా తయారవుతుంది, ఎక్కువమంది మొదట కట్టేది ఇదే. సంవత్సరంలోని ప్రతి తేదీకీ ఒక వరుస రాసి, అది పనిదినమా కాదా అన్న గుర్తు, అప్పటి వరకు గడిచిన పనిదినాల క్రమసంఖ్య పెట్టుకోవడం రెండో విధం. రెండో దానిలో ఒక్కొక్క క్యాలెండర్‌కు ఏడాదికి 365 వరుసలు పడతాయి, కంప్యూటర్‌కు అది లెక్కలోనిది కాదు. క్యాలెండర్ అన్న మాటను ఇక్కడ ఒక సంస్థ పాటించే సెలవుల జాబితా అన్న అర్థంలో వాడుతున్నారు. బ్యాంకులది ఒకటి, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలది మరొకటి, రెండూ ఒకే ఊరిలో ఎదురెదురుగా ఉన్నా ఒకటి కావు.

2025 సంక్రాంతి వారాన్ని నిడదవోలు నుంచి చూస్తే ఈ తేడా అంతా కళ్లకు కడుతుంది. సార్వా ధాన్యం అమ్మిన రైతులు పండుగకు సొమ్ము చేతికి వస్తుందా అని ఎదురుచూసే రోజులవి. జనవరి 10 శుక్రవారం నాడు ఒక చెల్లింపు కాగితం బ్యాంకుకు చేరిందనీ, దాన్ని రెండు పనిదినాల్లో పూర్తిచేయాలన్నది అక్కడి నియమమనీ అనుకుందాం. 11 రెండో శనివారం, 12 ఆదివారం. 13 సోమవారం భోగి. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఆ రోజు సెలవు, బ్యాంకులకు కాదు. 14 సంక్రాంతి, అందరికీ సెలవు. 15 కనుమ నాడు ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు ఉన్నా, ముందుగా ప్రకటించిన బ్యాంకు సెలవుల్లో అది లేదు. బ్యాంకు ఉద్యోగ సంఘాలు కోరిన మీదట, పండుగకు కొద్ది రోజుల ముందు ప్రభుత్వం ఆ రోజును కూడా చేర్చింది. పట్టికలో బ్యాంకు క్యాలెండర్ ఆ మార్పు తరువాత ఇలా ఉండాలి (క్రమసంఖ్య 100 అన్నది ఉదాహరణ కోసం తీసుకున్నది):

```
d           is_open  seq
2025-01-10  1        100
2025-01-11  0        100
2025-01-12  0        100
2025-01-13  1        101
2025-01-14  0        101
2025-01-15  0        101
2025-01-16  1        102
```

మూసిన రోజు తన ముందటి పనిదినపు సంఖ్యనే మోస్తుందన్నది ఈ పట్టికలోని కీలకం. రెండు పనిదినాలు కలపడమంటే ఇక రోజులు ఒక్కొక్కటే దాటుకుంటూ పోవడం కాదు, 100కు రెండు కూడి, 102 సంఖ్య ఉన్న తెరిచిన రోజును వెతకడమే:

```sql
SELECT t.d
FROM cal_day s
JOIN cal_day t ON t.cal = s.cal
  AND t.seq = s.seq + 2 AND t.is_open = 1
WHERE s.cal = 'BANK_AP' AND s.d = '2025-01-10';
```

జవాబు 16, గురువారం. కనుమ ఉత్తర్వు రాకముందు ఇదే ప్రశ్నకు జవాబు 15; అదే కాగితం ప్రభుత్వ కార్యాలయపు క్యాలెండర్ మీద నడిచి ఉంటే భోగి కూడా పోయి 16 మొదటి పనిదినం, 17 రెండోది అయ్యేది. శని, ఆదివారాలు మాత్రమే తీసివేసే మామూలు లెక్క 14 అని చెబుతుంది, అంటే పెద్ద పండుగ నాడు బ్యాంకు తలుపు తట్టమంటుంది. కాగితం శుక్రవారం కాక 11వ తేదీ శనివారం ఆన్‌లైన్‌లో చేరితే ఏమవుతుందన్నది మాత్రం పట్టిక తేల్చే విషయం కాదు. పై ప్రశ్న దానికి కూడా 16నే ఇస్తుంది, ఎందుకంటే శనివారం సంఖ్య కూడా 100. సెలవునాడు అందినదాన్ని తరువాతి పనిదినాన అందినట్టు భావించే చోట మొదట 13కు జరిపి, ఆ పైన రెండు కలపాలి, అప్పుడు గడువు 17 అవుతుంది. ఈ రెండింటిలో ఏది పాటిస్తున్నారో రాసిపెట్టుకోని కార్యాలయాల్లో ఒకరోజు తేడా మీద వాదం ఏటా ఒకసారైనా వస్తుంది.

కనుమ వరుసను మార్చడం ఒక్క గడి పని కాదన్నది కూడా ఇక్కడే గమనించాలి. `is_open` సున్నా కాగానే ఆ రోజు నుంచి పట్టిక చివరి దాకా ప్రతి `seq` ఒకటి తగ్గుతుంది కనుక, సంఖ్యలను చేతితో దిద్దకుండా మొత్తం మళ్లీ కూడించాలి. అంతకుముందే 15వ తేదీ గడువుగా రాసి పెట్టిన కాగితాలు వాటంతట అవి మారవు. పూర్తికాని వాటిని వెతికి కొత్త తేదీ వేయాలి, పూర్తయిన వాటిని తాకకూడదు. మార్పుకు కారణమైన ఉత్తర్వు సంఖ్యను వరుస పక్కనే ఒక గడిలో రాయడం మంచి అలవాటు, మూడేళ్ల తరువాత ఆడిటర్ అడిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

గడువు సెలవు మీద పడితే ముందుకు జరపాలా, వెనక్కి జరపాలా అన్నదానికి చట్టాలే ఒక్క మాట మీద లేవు. ప్రామిసరీ నోటు గడువు సెలవునాడు వస్తే దాని ముందటి పనిదినమే గడువని పై 25వ సెక్షన్ అంటుంది. కోర్టులోనో కార్యాలయంలోనో చేయవలసిన పనికి ఆఖరి రోజున అది మూసి ఉంటే మళ్లీ తెరిచిన రోజున చేసినా చెల్లుతుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తేదీన ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛన్లు వెనక్కి జరిగే తరహాకు చెందినవి. 2024 సెప్టెంబరు 1 ఆదివారం కావడంతో ఆగస్టు 31న, డిసెంబరు 1 కూడా ఆదివారమే కావడంతో నవంబరు 30న వాటిని పంచారు. ఆ రెండూ శనివారాలే, అందునా అయిదో శనివారాలు; శనివారాలన్నీ సెలవని అనుకునే కార్యక్రమం అయితే ఆగస్టు 30కీ, నవంబరు 29కీ జరిగి ఉండేది.

తేదీలు సరిగా కట్టినా, సెలవు తరువాతి రోజు జాబ్ తెచ్చుకోవలసిన సమాచారం విషయంలో మరొక పొరపాటు దొర్లుతుంది. ‘నిన్నటి లావాదేవీలు’ తీసుకొమ్మని రాసిన జాబ్ 16వ తేదీన లేచి 15 నాటివి మాత్రం వెతుకుతుంది. 13, 14 తేదీలవి ఎవరికీ పట్టకుండా ఉండిపోతాయి. 14 సెలవు కదా, ఆ రోజు లావాదేవీలేముంటాయని అనడానికి వీలులేదు, ఎందుకంటే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి సెలవులతో నిమిత్తం లేకుండా నడుస్తున్నాయి. బ్యాంకు తలుపు మూసినా డబ్బు ఆగదు. కనుక జాబ్ తాను చివరిసారి ఎక్కడి దాకా చూసిందో గుర్తు పెట్టుకొని, అక్కడి నుంచి నేటి దాకా ఉన్న ప్రతి తేదీని, మూసిన రోజులతో సహా, ఎత్తుకోవాలి.

సెలవులను మాత్రమే రాసుకునే పట్టికకు ఉన్న అసలు లోపం డిసెంబరులో బయటపడుతుంది. రాబోయే ఏటి జాబితాను ఇంకా ఎక్కించని రోజున జనవరి గడువు అడిగితే, ఆ పట్టికలో సెలవు ఏదీ కనిపించదు కాబట్టి సంక్రాంతితో సహా ప్రతి రోజూ పనిదినమేనని తడుముకోకుండా చెబుతుంది. ప్రతి తేదీకీ వరుస ఉన్న పట్టికలోనైతే కావలసిన క్రమసంఖ్యే దొరకదు, జవాబు ఖాళీగా వస్తుంది, జాబ్ ఆగుతుంది, ఎవరో ఒకరు ఉత్తర్వు వచ్చిందా అని ఆరా తీస్తారు. అయితే ఆదివారాలను, శనివారాలను పదేళ్లకు ముందే నింపుకొని, పండుగలను తరువాత దిద్దుకుందామనుకున్న చోట ఈ రక్షణ కూడా పోతుంది. వరుసలు ఉంటాయి, సంఖ్యలు దొరుకుతాయి, పండుగలు మాత్రం ఉండవు. అటువంటి చోట ఉత్తర్వు ఎక్కిన ఆఖరి తేదీని విడిగా ఒక గడిలో ఉంచి, దాన్ని దాటిన ప్రశ్నకు జవాబివ్వకుండా ఆపవలసి ఉంటుంది.