మూడు నిమిషాల్లో నీళ్ల లెక్క

ఈ స్క్రిప్టు మొదటి షాట్‌లో అమ్మాల్సిన వాటర్ ఫిల్టరు కనబడదు. తెల్లవారుజామున టీ బంకు ముందు ఆగిన ఆటో, అందులోంచి దిగిన ఇరవై లీటర్ల క్యాను, బంకాయన గల్లా పెట్టెలోంచి తీసి ఇచ్చే ఇరవై రూపాయల నోటు. అంతే, మాట ఒక్కటీ లేదు. రెండో షాట్‌లో అదే చెయ్యి, అదే నోటు. గోడ మీది క్యాలెండర్‌లో మాత్రం ఒక కాగితం చిరిగింది. మూడో షాట్‌లో ఇంకో కాగితం. పన్నెండు సెకన్లలో చూసేవాడికి తన రోజువారీ ఖర్చు కళ్లముందుకు వచ్చేస్తుంది. ఫిల్టరు ఇంకా రంగంలోకి రానే లేదు.

చిన్న దుకాణదారుల కోసం తయారైన ఒక చవక ఫిల్టరుకు డెమో వీడియో స్క్రిప్టు ఇది. ఫిల్టరు ఖరీదు 2,400 రూపాయలు. కరెంటు అక్కర్లేదు, గోడకు మేకు కొట్టనక్కర్లేదు, పైపు కలపనక్కర్లేదు. పై తొట్టిలో నీళ్లు పోస్తే వాటంతట అవే కింది తొట్టిలోకి దిగుతాయి. వీడియో నిడివి మూడు నిమిషాలు. కాగితం మీద అన్ని స్క్రిప్టుల్లాగే రెండు వరుసలు: ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క వినిపించేది. ఈ రచయిత ముందు ఎడమ వరుసంతా రాసి, ఆ తర్వాతే కుడి వరుసకు వచ్చినట్టు స్పష్టంగా తెలుస్తుంది. కుడి వరుసను చేత్తో మూసి చదివాను. లెక్క మొత్తం అర్థమైంది. ఈ వీడియో చూడబోయేవాడు ఒక చేత్తో టీ వడపోస్తూ, పక్కన స్టవ్ చప్పుడు చేస్తుంటే, ఎవరో వాట్సాప్‌లో పంపినదాన్ని సౌండు సరిగ్గా వినబడని ఫోనులో చూస్తాడు. ఆ సంగతి మనసులో పెట్టుకుని రాసిన స్క్రిప్టు ఇది. అంకెలేవీ గ్రాఫిక్స్‌లో ఎగిరిరావు. బంకులో బాకీలు రాసుకునే పలక మీద ఒక చెయ్యి సుద్దముక్కతో వాటిని రాస్తుంది, కెమెరా ఆగి చూస్తుంది.

ఆ పలక సీను దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను.

ఇళ్ల కోసం తీసే ఫిల్టరు ప్రకటనల్లో కార్ట్రిడ్జ్ ఇన్ని నెలలు వస్తుందని చెబుతారు. ఆ నెలలు ఇంటి వాడకాన్ని బట్టి కట్టినవి. ఈ ఫిల్టరు కార్ట్రిడ్జ్ 1,500 లీటర్లు శుద్ధి చేస్తుంది. రోజుకు పది లీటర్లు తాగే ఇంట్లో అది అయిదు నెలలు వస్తుంది. టీ బంకులో రోజుకు ఇరవై లీటర్లు పోతాయి కాబట్టి 75 రోజులకే అయిపోతుంది. నెలల్లో చెబితే దుకాణదారుడు మోసపోయినట్టే. ఈ రచయిత స్క్రిప్టులో ఎక్కడా కార్ట్రిడ్జ్ వయసును నెలల్లో చెప్పలేదు. ఫిల్టరు చూపించడానికి వచ్చిన అబ్బాయి పలక అందుకుని, "అన్నా, రోజుకు ఎన్ని క్యాన్లు?" అని బంకాయనను అడుగుతాడు. "ఒకటి. టీకి పంపు నీళ్లే, అవి ఎలాగూ మరుగుతాయి కదా. తాగడానికే క్యాను." ఈ ఒక్క జవాబులో వృత్తి తెలిసినవాడి పరిశీలన ఉంది. టీలో పడే నీళ్లు పొయ్యి మీద తెర్లుతాయి, వాటికి ఫిల్టరు అవసరం లేదు. గ్లాసులో పోసి ఇచ్చే నీళ్లకే అవసరం. బంకు మొత్తం వాడకాన్ని లెక్కలోకి లాగితే అంకె పెద్దదయ్యేది, పొదుపు ఇంకా ఘనంగా కనిపించేది. రచయిత ఆ పని చేయలేదు.

తర్వాత పలక మీద నిలువుగా ఒక గీత. ఎడమ పక్క క్యాను: రోజుకు 20 రూపాయలు, 150 రోజులకు 3,000. కుడి పక్క ఫిల్టరు: 2,400. దాంతోపాటు వచ్చే కార్ట్రిడ్జ్ మొదటి 75 రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత 600 పెట్టి ఇంకోటి కొనాలి, అది తర్వాతి 75 రోజులకు సరిపోతుంది. మొత్తం 3,000. రెండు పక్కలా ఒకే అంకె. బంకాయన పలక వంక చూసి, "అంటే అయిదు నెలలదాకా నాకు మిగిలేదేమీ లేదు" అంటాడు. అమ్మకం వీడియోలో కొనేవాడి నోట ఈ మాట రానివ్వడానికి ధైర్యం కావాలి. అబ్బాయి దాన్ని కాదనడు. "లేదన్నా. ఆరో నెల నుంచి రోజుకు పన్నెండు మిగులుతుంది" అంటూ కార్ట్రిడ్జ్ ఖర్చు రోజుకు ఎనిమిది రూపాయలని కింద రాసి చూపిస్తాడు. 600ని 75తో భాగిస్తే వచ్చేది అదే. పైసలతో పని పడకుండా, నోటితో సరిచూసుకోగలిగే అంకెలు ఇవి. వ్యాపారం చేసేవాడు చెప్పిన లెక్కను నమ్మడు, తాను వేసుకున్న లెక్కను నమ్ముతాడు. అందుకే ఇక్కడ వేసుకోవడానికి వ్యవధి ఇచ్చారు. చివరి అంకె రాశాక నాలుగు సెకన్లు మౌనం అని ఎడమ వరుసలో గుర్తు ఉంది.

ఇక నీళ్లు శుభ్రమయ్యాయని చూపించే భాగం. ఇలాంటి వీడియోలు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. క్రిములు కంటికి కనబడవు, కెమెరాకూ కనబడవు. అందుకని చాలామంది కనబడే ఇంకేదో చూపిస్తారు. ఇంటింటికీ తిరిగే కొందరు సేల్స్‌మెన్ రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచే పద్ధతి మీరూ చూసే ఉంటారు. పంపు నీళ్ల గ్లాసు క్షణాల్లో ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, ఆర్‌వో నీళ్ల గ్లాసు తేటగా ఉంటుంది. చూసేవాళ్లు హడలిపోతారు. నిజానికి ఆ రంగు నీళ్లలోంచి వచ్చింది కాదు. నీళ్లలోని లవణాల వల్ల కరెంటు పారి ఇనుప కడ్డీ కరుగుతుంది, ఆ తుప్పే ఆ రంగు. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి రంగూ రాదు. అదే ఆర్‌వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి కడ్డీలు ముంచండి, అవీ ఎర్రబడతాయి. టీడీఎస్ మీటరు పెట్టి అంకె చూపించడమూ ఇలాంటిదే. అది నీటిలో కరిగిన లవణాలను అంచనా కడుతుంది తప్ప క్రిముల గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఈ స్క్రిప్టులో కడ్డీలు లేవు, మీటరు లేదు. రెండు చిన్న సీసాలున్నాయి. అవి హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించిన పద్ధతి ఇది. మందు ఉన్న సీసాలో గుర్తు వరకు నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచాలి. మలం కలిసిన నీళ్లలో ఉండే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తే, ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. నల్లబడకపోతే నీళ్లు నూటికి నూరుపాళ్లు మంచివని అర్థం కాదు, ఆ ఒక్క కాలుష్యం బయటపడలేదని మాత్రమే అర్థం. కుడి వరుసలో మాట కూడా అంతవరకే ఉంది: "ఈ సీసాలో మురికి దొరికింది, ఈ సీసాలో దొరకలేదు." ‘స్వచ్ఛం’ అన్న మాట స్క్రిప్టు మొత్తంలో ఎక్కడా లేదు.

మొదటి సీసాలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి తీసుకోవాలన్న దాంట్లో ఇంకా లోతైన ఆలోచన ఉంది. మున్సిపల్ పంపు కింద నేరుగా పట్టిన నీళ్లలో క్లోరిన్ ఉంటే సీసా నల్లబడకపోవచ్చు. రచయిత పంపు దగ్గరికి వెళ్లలేదు. బంకు వెనకాల మూత సగం తీసి ఉన్న డ్రమ్ములోంచి, అందరూ చెయ్యి పెట్టి ముంచే చెంబుతోనే నీళ్లు తీయమన్నారు. చిన్న దుకాణాల్లో నీళ్లు పాడయ్యేది చాలాసార్లు పైపులో కాదు, ఆ డ్రమ్ములో, ఆ చెంబు మీద. చూసే ప్రతి దుకాణదారుడికీ తన డ్రమ్ము గుర్తుకొస్తుంది. రెండో సీసాలో అవే డ్రమ్ము నీళ్లు, ఫిల్టరులోంచి దిగినవి. క్యాలెండర్ కాగితాలు మళ్లీ రెండు చిరుగుతాయి. ఈ షాట్ పక్కన డైరెక్టరుకు రాసిన సూచన ఈ స్క్రిప్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనది: సీసా నల్లబడకపోతే దాంట్లో ఏమీ కలపవద్దు, వచ్చింది వచ్చినట్టే తీయండి, మాట నేను మార్చి రాస్తాను.

ఫిల్టరు పనిచేసే తీరును ఇరవై సెకన్లలో ముగించారు. జల్లెడ దగ్గర మట్టి ఆగుతుంది, బొగ్గు పొరలో వాసనలు ఆగుతాయి, క్లోరిన్ బిళ్ల క్రిములను చంపుతుంది, చివరి బొగ్గు పొర ఆ క్లోరిన్ వాసనను తీసేస్తుంది. అంతకు మించి అక్కర్లేదు కూడా. దిగే వేగానికి మాత్రం తగిన చోటు దొరికింది. గంటకు మూడు లీటర్లు. తొమ్మిది లీటర్ల పై తొట్టి ఖాళీ కావడానికి మూడు గంటలు పడుతుంది. అందుకే బంకాయన రాత్రి కొట్టు కట్టేసే ముందు తొట్టి నింపి వెళ్తాడు, పొద్దున వచ్చేసరికి కింది తొట్టి సిద్ధంగా ఉంటుంది. పగలు బేరాల మధ్య రెండుసార్లు నింపుకుంటే సరిపోతుంది. పక్కనున్న టిఫిన్ సెంటర్ ఆవిడ వచ్చి, "మాకు రోజుకు మూడు క్యాన్లు పోతాయి బాబూ, సరిపోతుందా?" అని అడుగుతుంది. "సరిపోదక్కా. అరవై లీటర్లు దిగడానికి ఇరవై గంటలు పడుతుంది. మీకిది వద్దు." చేతికొచ్చిన బేరాన్ని కెమెరా ముందే వదులుకున్నారు. ఆ వదులుకోవడం చూశాకే పలక మీది లెక్క మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

చివరి అరనిమిషం ఎవరు కొనకూడదో చెబుతుంది. కాలవ నీళ్లు, నది నీళ్లు పంపులో వచ్చే ఊళ్లకు ఇది సరిపోతుంది. ఉప్పు బోర్లకు పనికిరాదు, ఎందుకంటే బొగ్గూ క్లోరినూ లవణాలను తీయలేవు. ఫ్లోరైడునూ తీయలేవు. ఈ మాట మన ప్రాంతంలో దాటవేయదగింది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లా బాధ అందరికీ తెలిసిందే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఒప్పుకుంటుంది. అలాంటి ఊళ్లో ఈ ఫిల్టరు పెట్టుకుంటే క్రిములు పోతాయి, ఫ్లోరైడు ఉంటుంది, యజమాని మాత్రం నిశ్చింతగా ఉంటాడు. "బోరు నీళ్లయితే ముందు పరీక్ష చేయించండి, తర్వాతే ఫిల్టరు సంగతి" అన్న వాక్యాన్ని అబ్బాయి నేరుగా కెమెరాలోకి చూసి చెబుతాడు. స్క్రిప్టు మొత్తంలో అతను కెమెరా వంక చూసేది ఆ ఒక్కసారే.

ఒక్క షాట్ తక్కువైందని నా అభిప్రాయం. కింది తొట్టినీ, కుళాయినీ వారానికోసారి కడగకపోతే డ్రమ్ము కథ ఇక్కడా మొదలవుతుంది. క్రిములు పోయిన నీళ్లను కూడా మురికి కుళాయి మళ్లీ పాడు చేయగలదు, అప్పటికి క్లోరిన్ కూడా మిగిలి ఉండదు. అయిదు సెకన్లలో చూపించదగ్గ పని అది. రచయిత దాన్ని వాడకం పుస్తకానికి వదిలేశారు, కానీ ఆ పుస్తకాన్ని బంకులో ఎవరూ తెరవరు.

మీ దుకాణానికి ఎవరైనా ఫిల్టరు పట్టుకొస్తే కార్ట్రిడ్జ్ ఎన్ని నెలలు వస్తుందని అడగకండి. ఎన్ని లీటర్లు వస్తుందో, గంటకు ఎన్ని లీటర్లు దిగుతాయో అడిగి, మీ పలక మీద మీరే భాగించి చూసుకోండి.