నూక జావ నిగ్గు

కడుపు చెడినవాళ్లకు కాచే నూక జావ అందమంతా దాని పలుచదనంలోనే ఉంది. నీళ్లు గుమ్మరిస్తే వచ్చే పలుచన కాదది. అలా పోస్తే నూక అడుక్కి దిగి, పైన వేడినీళ్లే మిగులుతాయి. కుదిరిన జావలో గింజ ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో నాలుక చెప్పలేదు.

అదంతా మూకుట్లోనే మొదలవుతుంది. 50 గ్రాముల పాత బియ్యాన్ని నూనె చుక్క లేకుండా సన్నసెగ మీద కదుపుతుంటే కాసేపు ఏ వాసనా రాదు. గింజ పాలతెలుపుకి తిరిగేసరికి పేలాల వాసన గుప్పుమంటుంది. అక్కడే దించాలి. ఎర్రబడ్డాక కమ్మదనం పెరిగినా, నలతపడ్డ నోటికి ఆ మాడు వాసన సయించదు. చల్లారాక రవ్వగా విసరాలి. మెత్తటి పిండి చేసి కాచేవాళ్లున్నారు, త్వరగా ఉడుకుతుంది కూడా. కానీ నా మటుకు నాకు అది సినిమా పోస్టర్లు అంటించే బంకలా ఉంటుంది.

రవ్వను చన్నీళ్లలో కలుపుకుని, మరిగే నీళ్లలో పోస్తూ గరిటె తిప్పాలి. పొడిగా వేస్తే ఉండ పైన ఉడికి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. మొత్తం నీళ్లు ముప్పావు లీటరు. ఇక వినాలి. మొదట గలగలమనే మరుగు పది నిమిషాలకు బరువెక్కి, బుడగ ఆగి ఆగి పగులుతుంది. గింజలోని పిండిరేణువులు నీళ్లు తాగి ఉబ్బుతున్న చప్పుడది. 25 నిమిషాలకు గరిటె ఎత్తి వంచితే తెగని ధారగా పడాలి. ఆ ధారలో తెలుపు ఉంటుంది, వెనకనుంచి వెలుతురూ కనిపిస్తుంది. ముద్దగా జారితే వేడినీళ్లు పోయాల్సిందే. చల్లారేకొద్దీ ఎలాగూ చిక్కబడుతుంది కాబట్టి ఒక పాలు పలుచగానే దించాలి.

ఉప్పు చివర్లో, పావు టీస్పూను పైచిలుకు. అది చప్పదనాన్ని పోగొట్టడానికే కాదు. గంజిపిండి పేగుల్లో గ్లూకోజుగా విడిపోయి, ఉప్పునూ దానితో నీటినీ ఒంట్లోకి లాక్కెళుతుంది. 1980లలో ఢాకా వైద్యులు బియ్యప్పిండి, లవణాలు కలిపిన ద్రావణాన్ని కలరా రోగులకు ఇచ్చి చూసింది ఇందుకే. అయితే ఇంటి జావలో లవణాల కొలత ఉండదు. నీళ్ల విరేచనాలు ఆగకపోతే ఓఆర్ఎస్ పట్టాలి. మూత్రం తగ్గినా, రక్తం పడినా, పసిబిడ్డ మగతగా ఉన్నా డాక్టరు దగ్గరికే.

తాగించడం చెంచాతో, గోరువెచ్చగా. నెయ్యి, పాలు, పంచదార దగ్గరికి రానివ్వకూడదు. వేయించిన జీలకర్ర చిటికెడు చాలు, అదీ వాంతి భయం తగ్గాకే. మిగిలింది గట్టు మీద వదిలి సాయంత్రం వెచ్చచేసి పెట్టకూడదు. అన్నం, గంజి త్వరగా పాడవుతాయి, మళ్లీ కాచినా కొన్ని విషాలు పోవు.

మర్నాటికి రోగి గ్లాసు దించి, "పిన్నీ, ఊరమిరపకాయ ఒక్కటి వేయించి పెట్టవూ?" అని అడుగుతాడు. పెట్టకండి, ఇంకో పూట ఆగమనండి. కాకపోతే ఈసారి జావ కాస్త చిక్కగా కాయొచ్చు.