మూడు ఖాతాల వెనక ఒక్క మనిషి

పోటీ పరీక్షల యాప్ ఒకటి ఏడు రోజుల ఫ్రీ ట్రయల్ ఇస్తోందనుకుందాం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్ గదిలో ఉండి గ్రూప్-2కి చదివే కుర్రాడు ఆ వారం వాడుకుని, ఎనిమిదో రోజు ఇంకో ఈమెయిల్‌తో మళ్లీ చేరాడు. రెండోసారి గడువు ముగిశాక డబ్బు కట్టాడు. కంపెనీ పట్టికలో ఇద్దరు వచ్చారు, ఒకరే కట్టారు. నిజానికి వచ్చింది ఒక్కడే, కట్టిందీ వాడే.

ఈ తేడా ఎంత దూరం పోతుందో ఒక ఊహా లెక్కలో చూద్దాం. మార్చిలో 1,000 ఖాతాలు ట్రయల్ మొదలుపెట్టాయి, 90 ఖాతాలు డబ్బు కట్టాయి. అంటే 9 శాతం. ఒకే మనిషివనిపించిన ఖాతాలను కలిపితే 800 మంది తేలారు. వాళ్లలో 150 మంది జనవరి, ఫిబ్రవరిలలోనే ఒకసారి ట్రయల్ వాడినవాళ్లు. వాళ్లు మార్చి జనం కాదు, మొదటిసారి వచ్చిన నెలకే చెందుతారు. మిగిలింది 650 మంది. చాలామంది ఇక్కడే ఆగి 90ని 650తో భాగించి 13.8 శాతం అనేస్తారు. కట్టిన 90 మందిలో 12 మంది ఆ పాతవాళ్లే అయితే, వాళ్లను పైనుంచి కూడా తీసేయాలి. 78ని 650తో భాగిస్తే 12 శాతం. కింద మనుషులను లెక్కపెట్టినప్పుడు పైనా ఆ మనుషులనే లెక్కపెట్టాలి.

గడువు కూడా మనిషి మొదటి ట్రయల్ నుంచే నడవాలి. 21 రోజులని పెట్టుకుంటే, మార్చి లెక్క ఏప్రిల్ 21 దాటాకే పూర్తవుతుంది. యూపీఐ ఆటోపేకి అనుమతి ఇవ్వడం డబ్బు కట్టినట్టు కాదు. మొదటి వాయిదా నిజంగా జమ అయితేనే కట్టినట్టు.

ఇక ఖాతాలను కలపడం. జీమెయిల్ చిరునామాలో చుక్కలు ఎక్కడ పెట్టినా, ప్లస్ గుర్తు తర్వాత ఏం రాసినా ఉత్తరాలు ఒకే పెట్టెకు చేరతాయి. అందుకని gmail.com చిరునామాల్లో వాటిని తీసేసి పోల్చాలి. చుక్కల నియమాన్ని వేరే డొమైన్లకు అంటగట్టకూడదు. ఓటీపీతో నిర్ధారించిన ఫోన్ నంబరు ఇంకా గట్టి ఆధారం, కాకపోతే రెండు సిమ్ములున్న ఫోన్లు మన దగ్గర మామూలే. ఆండ్రాయిడ్ 8 నుంచి యాప్‌కు అందే ANDROID_ID, యాప్ తీసేసి మళ్లీ పెట్టినా సాధారణంగా మారదు, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మారుతుంది. ఐపీ చిరునామాను మాత్రం నమ్మకూడదు. హాస్టల్ వైఫై కింద ఉన్న పిల్లలందరికీ అది ఒక్కటే.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైంది కార్డు దగ్గర. ఒకే కార్డు రెండు ఖాతాల్లో కనిపిస్తే అది గట్టి రుజువే, కానీ ట్రయల్‌కు ముందే కార్డు అడగని యాప్‌లో ఆ రుజువు డబ్బు కట్టినవాళ్ల దగ్గరే ఉంటుంది. దానితో ఖాతాలు కలిపితే కట్టినవాళ్లలో నకళ్లు శుభ్రంగా తొలగిపోతాయి, కట్టనివాళ్లలో అలాగే మిగిలిపోతాయి. అప్పుడు శాతం ఉండాల్సినదానికన్నా తక్కువ తేలుతుంది, పైగా లెక్క శుద్ధి అయిందన్న నమ్మకం కలుగుతుంది. ఈ తప్పు పట్టికలో ఎక్కడా కనబడదు కాబట్టే నాకు దీనంటే భయం. అందుకే శాతం లెక్కకు, చేరేటప్పుడు అందరి దగ్గరా తీసుకున్న ఆధారాలనే వాడాలి. కార్డు ఆధారాన్ని మోసాలు పట్టే పనికి విడిగా ఉంచుకోవచ్చు.

ఎక్కువ కలిపేసినా ప్రమాదమే. అన్నాచెల్లెళ్లు ఒకే ట్యాబ్ వాడతారు. చెల్లెలి నంబరుతో స్నేహితురాలు ఇంకో ఖాతా తెరుస్తుంది. ట్యాబ్ అన్ననూ చెల్లెలినీ కలుపుతుంది, నంబరు చెల్లెలినీ స్నేహితురాలినీ కలుపుతుంది, చివరికి ముగ్గురూ ఒక్క మనిషైపోతారు. ఈ గొలుసు తెగాలంటే ఎక్కువ ఖాతాల్లో కనిపించే పరికరాన్ని ఆధారంగా తీసుకోకూడదు, పరికరం ఒక్కటే కలిసినంత మాత్రాన ఖాతాలను కలపకూడదు. కలిపిన గుంపులను పరిమాణం వారీగా పేర్చి చూస్తే తప్పు బయటపడుతుంది. ఇరవై ముప్పై ఖాతాల గుంపు కనిపించిందంటే అది ఏ కోచింగ్ సెంటర్ కంప్యూటరో అయ్యుంటుంది. రెండు మూడు ఖాతాల గుంపుల నుంచి కూడా కొన్ని జతలు తీసి, వాటిలో చదివిన పాఠాలు ఒకదాని తర్వాత ఒకటి కొనసాగాయా, లేక ఒకే గంటలో రెండు చోట్లా వేర్వేరు పాఠాలు నడిచాయా అని పరిశీలించాలి. మొదటిది ఒకే మనిషికి గుర్తు, రెండోది ఇద్దరికి.

ఇంతా చేశాక కంపెనీ రెండో ట్రయల్‌ను ఆపేయాలని నిర్ణయిస్తే, ఖాతాల లెక్కన శాతం ఒక్కసారిగా పెరుగుతుంది. కట్టినవాళ్ల సంఖ్య పెరగకపోయినా పెరుగుతుంది, ఎందుకంటే తగ్గింది కింది సంఖ్య. కాబట్టి ఆ నెల నివేదికలో శాతం పక్కనే కొత్తగా వచ్చిన మనుషులెందరో, కట్టినవాళ్లెందరో రెండు సంఖ్యలూ రాయాలి.