చెప్పి, చూపి, చేసి

పై దవడలో పాల పన్ను పిప్పి పట్టిన ఐదేళ్ళ పాప డెంటల్ కుర్చీ ఎక్కిందనుకుందాం. ఏడవడం లేదు. పెదాలు మాత్రం బిగించింది, రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది, కాలివేళ్ళు ముడుచుకుంది. పిల్లల దంతవైద్యురాలు నోరు చూడకముందే ఈ చేతులూ కాళ్ళూ చూస్తుంది. ఇలాంటి చూపుకు 1962లో స్పెన్సర్ ఫ్రాంకిల్, ఆయన సహచరులు ఒక కొలబద్ద ఇచ్చారు. అందులో నాలుగు మెట్లు: పూర్తి ప్రతికూలం, ప్రతికూలం, అనుకూలం, పూర్తి అనుకూలం. మన పాపది రెండో మెట్టు. అక్కడి నుంచి మూడో మెట్టుకు తీసుకురావడానికి ఎక్కువమంది వాడే పద్ధతి ‘టెల్-షో-డూ’. అమెరికన్ దంతవైద్యుడు అడెల్‌స్టన్ 1959లో దీన్ని ఒక క్రమంలో పెట్టి రాశాడు. ముందు చెప్పాలి, తర్వాత చూపాలి, వెంటనే చేయాలి. వినడానికి ఇంతే. పనితనమంతా ఆ మూడూ తేడా లేకుండా ఒకదానితో ఒకటి అతకడంలో ఉంది.

మొదటిది చెప్పడం. పాలిషింగ్‌కు వాడే రబ్బరు కప్పు గురించి డాక్టరమ్మ పాపతో ఇలా అంటుంది: “ఇది పళ్ళు తోమే బ్రష్షు నాన్నా. గుండ్రంగా తిరుగుతుంది. జుయ్‌మని చప్పుడు చేస్తుంది. పంటి మీద పెడితే చక్కిలిగిలిగా ఉంటుంది.” ఇందులో కంటికి ఏం కనిపిస్తుందో, చెవికి ఏం వినిపిస్తుందో, పంటికి ఏం తెలుస్తుందో వేర్వేరుగా ఉన్నాయి. ఆ వయసు పిల్లలకు పరికరం ఎందుకోసమన్నది అంతగా పట్టదు, తమకు ఏమవుతుందన్నదే కావాలి. “నొప్పి ఏమీ ఉండదు” అనే మాట ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పాప చెవిన పడేది నొప్పి అన్న ముక్కే. పక్కనున్న అమ్మ “అల్లరి చేస్తే పెద్ద ఇంజెక్షన్ ఇప్పిస్తా” అంటే చెప్పినదంతా వృథా. అందుకే పని నడుస్తున్నంతసేపూ డాక్టరమ్మ గొంతు ఒక్కటే వినబడాలని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచుతారు. అమ్మ పక్కన కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు.

రెండోది చూపడం. మైక్రోమోటర్‌కు బిగించిన రబ్బరు కప్పును డాక్టరమ్మ ముందు తన బొటనవేలి గోటి మీద తిప్పుతుంది, తర్వాత పాప గోటి మీద. గోరును ఎంచుకోవడంలో తెలివి ఉంది. అది పన్నులాగే గట్టిగా ఉంటుంది, కింది వేలికి అదురు తెలుస్తుంది, పైగా పాపకు ఎదురుగా కనబడుతూ ఉంటుంది. ఇష్టం లేకపోతే చేయి వెనక్కి లాక్కోవచ్చు. నోట్లో జరగబోయేది నోటి బయట, తన అదుపులో ఒకసారి జరిగిపోయిందన్నమాట.

మూడోది చేయడం. చూపాక ఆలస్యం పనికిరాదు. పేస్టు కోసం డ్రాయర్ వెతుకుతూ అర నిమిషం గడిపితే, ఆ ఖాళీలోకి భయం తిరిగి వచ్చేస్తుంది. గోటి మీద నుంచి కప్పు నేరుగా ముందు పళ్ళ మీదికి పోవాలి, అదే వేగంతో, అదే చప్పుడుతో. “ఐదు లెక్కపెడతాను, తర్వాత ఆపేస్తాను” అంటే ఐదు దగ్గర ఆపాల్సిందే. ఇంకో రెండు అంకెలు లాగితే పని త్వరగా ముగిసేది ఈ ఒక్క పంటికే, అప్పటి నుంచి లెక్కమీద నమ్మకం ఉండదు. ఆపాక మెచ్చుకోలు కూడా వివరంగా ఉండాలి. “గుడ్ గర్ల్” అంటే దేనికో పాపకు తెలియదు. “నోరు అంత పెద్దగా తెరిచి ఉంచావు, అందుకే వెనక పన్ను కూడా కనబడింది” అంటే మళ్ళీ ఏం చేయాలో తెలుస్తుంది.

ఈ మూడడుగుల చక్రాన్ని ప్రతి పరికరానికీ విడిగా తిప్పాలి. అద్దంతో పళ్ళు లెక్కపెట్టడం, త్రీ-వే సిరంజితో ముందు అరచేతి మీదికి గాలి, తర్వాత నీళ్ళు, గ్లాసులోని నీళ్ళు పీల్చి చూపే సక్షన్ గొట్టం, ఆపైన రబ్బరు కప్పు. తేలికైన దాని నుంచి కష్టమైన దాని వైపు వరస. నడుమ “ముందు పై పళ్ళా, కింద పళ్ళా?” అని అడిగి ఎంచుకోనిస్తారు. “నోరు తెరుస్తావా?” అని మాత్రం అడగరు, ఎందుకంటే దానికి “తెరవను” అన్న జవాబు రావచ్చు. ఎడమ చేయి ఎత్తితే ఆపుతామని ఒప్పందం కూడా ఉంటుంది. మొదట్లో పిల్లలు అవసరం లేకున్నా చేయి ఎత్తి పరీక్షిస్తారు. డాక్టరమ్మ రెండుసార్లూ ఆపితే, మూడోసారి ఎత్తడం తగ్గిపోతుంది. మొదటి రోజు ఇక్కడితో సరి. పిప్పి పన్ను పని తర్వాతి రోజుకు.

ఆ రోజు మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలి. పద్ధతిలో కావాలని ఒక అడుగు తగ్గించేది ఇక్కడే: చెబుతారు, చేస్తారు, సూదిని మాత్రం చూపరు. చూపడానికి బదులుగా నాలుగు జాగ్రత్తలు ఉంటాయి. చిగురును గాజుగుడ్డతో ఆరబెట్టి మత్తు జెల్ రాస్తారు, తడి మీద రాస్తే లాలాజలంలో కొట్టుకుపోతుంది. రాశాక ఒకటి రెండు నిమిషాలు ఆగుతారు. సహాయకురాలు సిరంజిని పాప చూపుకు అందకుండా, గడ్డం కింద నుంచి అందిస్తుంది. సూది దిగే క్షణంలో డాక్టరమ్మ ఎడమ చేత్తో బుగ్గను లాగి సన్నగా ఊపుతుంది, ఆ కదలికలో గుచ్చడం మరుగున పడుతుంది. ఇక మందు నెమ్మదిగా పోవాలి, ఒక మిల్లీలీటరుకు దాదాపు ఒక నిమిషం. సూది గుచ్చడం కంటే, మందు వడిగా దూసుకెళ్ళి లోపలి కణజాలాన్ని సాగదీయడమే ఎక్కువ బాధ. ఇంతకుముందే “పన్నును నిద్రపుచ్చే మందు పెడతాను, కాస్త చురుక్కుమంటుంది” అని చెప్పి ఉంటుంది. “సూదా?” అని పాప నేరుగా అడిగితే అవునంటుంది. చూపకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు.

తర్వాత ఏరోటర్ దగ్గర మూడడుగులూ తిరిగి వస్తాయి. దాన్ని దూరంగా పట్టుకుని ఒకసారి తిప్పి ఈల లాంటి చప్పుడు వినిపిస్తుంది, నీటి తుంపర అరచేతి మీద పడనిస్తుంది, అప్పుడు నోట్లోకి. ఫిల్లింగ్ అయ్యాక తల్లికి ఒక హెచ్చరిక తప్పదు: పెదవీ బుగ్గా తిమ్మిరి వదిలేదాకా పాప వాటిని కొరుక్కోకుండా చూడాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మాటలు అర్థం కావాలి గనుక మూడేళ్ళ లోపు పిల్లలతో అంతగా నడవదు. వాళ్ళను తల్లి ఒడిలో పడుకోబెట్టి, తల డాక్టరు మోకాళ్ళ మీదికి వచ్చేలా ఎదురెదురుగా కూర్చుని చూస్తారు. చీము పట్టి బుగ్గ వాచిన పిల్లకు అంచెలంచెలుగా అలవాటు చేసే తీరిక ఉండదు. చెప్పి చూపినా భయం దిగనప్పుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్పించడం, కొందరికి జనరల్ అనస్థీషియా అవసరమవుతాయి. ఒకప్పుడు ఏడ్చే పిల్లల నోటికి చేయి అడ్డం పెట్టే పద్ధతీ ఉండేది. అమెరికన్ పిల్లల దంతవైద్య అకాడమీ 2006లో దాన్ని తన మార్గదర్శకాల నుంచి తీసేసింది.

పని ముగిశాక డాక్టరమ్మ కేస్ షీట్‌లో పన్ను నంబరు పక్కనే ఫ్రాంకిల్ మెట్టు కూడా రాస్తుంది: వచ్చేటప్పుడు రెండు, వెళ్ళేటప్పుడు మూడు. దాని కింద ఇంకో రెండు ముక్కలు: గోటి మీద చూపితే ఒప్పుకుంది, గాలికి బెదిరింది. ఆరు నెలల తర్వాత ఈ పాపను చూసేది వేరే డాక్టరైనా గాలితో మొదలుపెట్టరు.