ఒక హోస్ట్ పోయాక మిగిలే చోటు

సొంత సర్వర్ గదిలో నడిచే వర్చువల్ మెషిన్ల క్లస్టర్‌లో ఒక హోస్ట్ ఆగిపోయినా పని ఆగకూడదంటే, సామర్థ్యాన్ని ఆ హోస్ట్ పోయాక ఉండే స్థితికి లెక్కవేయాలి. హై ఎవైలబిలిటీని ఆన్ చేస్తే చాలనుకోవడం సరిపోదు. పడిపోయిన హోస్ట్‌పై ఉన్న మెషిన్లను మిగతా హోస్ట్‌లపై మళ్లీ స్టార్ట్ చేయడం వరకే దాని పని. అక్కడ వాటికి చోటుండేలా చూడాల్సింది క్లస్టర్‌ను నడిపే మనిషే.

ప్రాక్స్‌మాక్స్‌పై నడిచే నాలుగు హోస్ట్‌ల క్లస్టర్‌ను తీసుకుందాం. ఒక్కో హోస్ట్‌లో 256 జీబీ మెమరీ, ఆరు డిస్కులు ఉన్నాయి. డేటా అంతా ఆ హోస్ట్‌ల డిస్కులపైనే, సెఫ్ స్టోరేజీలో ఉంది. 256 జీబీ మొత్తం వర్చువల్ మెషిన్లకు దొరకదు. సెఫ్‌లో ఒక్కో డిస్కును చూసుకునే ప్రాసెస్‌కు మామూలుగా 4 జీబీ లక్ష్యంగా ఉంటుంది కాబట్టి ఆరు డిస్కులకు 24 జీబీ పోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మిగతా సేవలకూ 8 జీబీ పక్కన పెడితే హోస్ట్‌కు 224, మొత్తం 896 జీబీ మిగులుతుంది. ఒక హోస్ట్ పోతే మిగిలేది 672. అంటే నాలుగూ నడుస్తున్నప్పుడు ఒక్కో హోస్ట్‌పై 168 జీబీ వరకు, అంటే నాలుగింట మూడు వంతులు, నింపవచ్చని తేలుతుంది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

ఇప్పుడు ఒక హోస్ట్ పోయిందనుకుందాం. మిగిలిన మూడింటిలో ఒక్కోదానిపై 56 జీబీ ఖాళీ ఉంది. మొత్తం 168, కావలసిందీ 168. అయితే పోయిన హోస్ట్‌పై 64 జీబీ డేటాబేస్ మెషిన్ ఒకటి ఉంటే అది ఆ మూడింటిలో దేనిలోనూ పట్టదు. మూడు సంచుల్లో కలిపి ఎంత చోటున్నా గుమ్మడికాయను మూడు ముక్కలు చేసి పెట్టలేం కదా. అందుకే మొత్తం ఖాళీతో పాటు, అతి పెద్ద మెషిన్ పట్టేంత ఖాళీ ఒక్కచోట ఉందా అన్నదీ చూడాలి.

దీనికి రెండు దారులున్నాయి. చవకైనది, డేటాబేస్ లేని హోస్ట్‌లలో ఒకదాన్ని 160 జీబీ వరకే నింపి అక్కడ 64 జీబీ ఖాళీ ఉంచడం. డేటాబేస్ అక్కడికి వెళ్తుంది. మిగిలిన 104 జీబీ, అంటే మూడు 24 జీబీ మెషిన్లూ నాలుగు 8 జీబీ మెషిన్లూ అనుకుంటే, తక్కిన రెండు హోస్ట్‌లలో సర్దుకుంటాయి. కాగితంపై బాగానే ఉంటుంది గానీ ప్యాచింగ్ కోసం మెషిన్లను అటూ ఇటూ మార్చిన వారంలో ఆ ఖాళీ ఎవరికీ తెలియకుండానే నిండిపోతుంది. రెండో దారిలో ప్రతి హోస్ట్‌నూ 152 జీబీ దగ్గరే ఆపుతారు. ఒక్కోదానిపై 72 ఖాళీ ఉంటుంది కాబట్టి ఏది పోయినా డేటాబేస్‌కు చోటు దొరుకుతుంది. వినియోగం 75 నుంచి 68 శాతానికి తగ్గుతుంది. ఆ ఏడు శాతం వృథా అని యాజమాన్యానికి అనిపించినా, మనుషులు మారే ఆఫీసులో నమ్మదగ్గది ఈ రెండో దారే.

చోటున్నంత మాత్రాన మెషిన్ సరైన చోటికే వెళ్తుందని కూడా అనుకోకూడదు. డిఫాల్ట్ అమరికలో ప్రాక్స్‌మాక్స్, హెచ్‌ఏ కింద ఉన్న మెషిన్ల సంఖ్య ఏ హోస్ట్‌పై తక్కువో చూస్తుంది, వాటి సైజు చూడదు. సైజు కూడా చూడాలంటే `/etc/pve/datacenter.cfg` ఫైలులో ఈ లైను ఉండాలి:

```
crs: ha=static
```

చోటు చాలనప్పుడు ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి, ఎందుకంటే అది వెంటనే కనిపించదు. హోస్ట్ పడిన దాదాపు రెండు నిమిషాలకు మెషిన్లు వేరేచోట లేస్తాయి, అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. మెషిన్ తన మెమరీనంతా మొదట్లోనే తీసుకోదు, వాడుతున్న కొద్దీ తీసుకుంటుంది. డేటాబేస్ తన క్యాష్‌ను నింపుకుంటూ పోగా, కొంతసేపటికి హోస్ట్‌లో మెమరీ అయిపోతుంది. అప్పుడు లినక్స్ కెర్నల్ ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. సాధారణంగా ఎక్కువ మెమరీ పట్టుకున్నదే బలవుతుంది, అంటే ఆ డేటాబేస్ మెషినే. ఏ హెచ్చరికా లేకుండా మెషిన్ ఆగిపోతే ముందు హోస్ట్‌పై చూడాల్సింది ఇది:

```
journalctl -k | grep -i "out of memory"
```

అక్కడ `Killed process` పక్కన `(kvm)` కనిపిస్తే లోపం మెషిన్‌ది కాదు, లెక్కది.

వీఎంవేర్ వీస్పియర్‌లో అడ్మిషన్ కంట్రోల్ ఉంది కాబట్టి ఈ బాధ లేదనుకునేవారు ఒక సంగతి గమనించాలి. అది లెక్కపెట్టేది మెషిన్‌కు రిజర్వ్ చేసిన మెమరీని, వాడుతున్న మెమరీని కాదు. రిజర్వేషన్ ఏమీ లేని 64 జీబీ మెషిన్ దాని దృష్టిలో ఇంచుమించు ఖాళీ మెషిన్. క్లస్టర్ నిండిపోయినా అది కొత్త మెషిన్‌ను ఆపదు.

టెస్టింగ్ మెషిన్లను హెచ్‌ఏ నుంచి తప్పిస్తే అవసరం తగ్గుతుందన్న మాట సగమే నిజం. పోయిన హోస్ట్‌పై ఉన్నవి మళ్లీ లేవవు, అంతవరకు లాభమే. కానీ బతికి ఉన్న హోస్ట్‌లపై నడుస్తున్న టెస్టింగ్ మెషిన్లు తమ మెమరీని వదలవు. వాటిని ఆపే స్క్రిప్ట్ ముందే సిద్ధంగా ఉంటేనే ఆ చోటును లెక్కలోకి తీసుకోవాలి.

స్టోరేజీ లెక్క మరింత కఠినం. సెఫ్ ప్రతి డేటాకూ మూడు ప్రతులు మూడు వేర్వేరు హోస్ట్‌లపై ఉంచుతుంది. హోస్ట్ పడిపోయిన పది నిమిషాలకు దాని డిస్కులను లెక్కలోంచి తీసేసి, పోయిన ప్రతులను మిగిలిన మూడింటిపై మళ్లీ తయారుచేయడం మొదలుపెడుతుంది. 60 శాతం నిండిన స్టోరేజీ అప్పుడు 80 శాతానికి చేరుతుంది. అది తట్టుకోగలదు. 70 శాతం నిండి ఉంటే మాత్రం 93కు చేరాలి, కానీ 90 శాతం దాటిన డిస్కుపైకి సెఫ్ ప్రతులను నింపదు కాబట్టి పునర్నిర్మాణం మధ్యలో ఆగుతుంది. ఏ డిస్కు అయినా 95 శాతానికి చేరితే రాతలు ఆగిపోతాయి. దానితో ఏ లోపమూ లేని హోస్ట్‌లపై ఉన్న మెషిన్లు కూడా నిలిచిపోతాయి. డిస్కులు సమానంగా నిండవు కాబట్టి సగటును కాదు, `ceph osd df` చూపించే అతి నిండిన డిస్కును చూడాలి. నాలుగు హోస్ట్‌లకు 60 శాతం దగ్గరే కొత్త డిస్కులకు ఆర్డర్ పెట్టడం మంచిది.

సీపీయూ విషయంలో కాస్త వెసులుబాటు ఉంది. ఒక భౌతిక కోర్‌కు మూడు వర్చువల్ కోర్లు ఉన్న క్లస్టర్‌లో హోస్ట్ పోతే నాలుగవుతాయి. పని నెమ్మదిస్తుంది, మెషిన్ చావదు. మెషిన్ లోపలి `top`లో `st` విలువ పెరిగితే కొరత మొదలైనట్టు.

క్లస్టర్‌ను పెంచేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, పాతవాటి పక్కన రెట్టింపు సైజు హోస్ట్ కొనడం. సులువుగా ఉండేందుకు మొత్తం మెమరీతోనే లెక్కవేద్దాం. 256 జీబీ హోస్ట్‌లు మూడుంటే, ఒకటి పోయాక మిగిలేది 512. దానికి 512 జీబీ హోస్ట్ ఒకటి చేర్చితే మొత్తం 1280. కానీ తీసేయాల్సింది ఎప్పుడూ అతి పెద్దదాన్నే కాబట్టి మిగిలేది 768. డబ్బు 512కు పెట్టారు, దక్కింది 256. అదే డబ్బుతో 256 జీబీవి రెండు కొంటే ఐదు హోస్ట్‌లలో ఒకటి పోయినా 1024 మిగులుతుంది. ఓట్ల లెక్క కూడా మెరుగవుతుంది. నాలుగు హోస్ట్‌ల క్లస్టర్‌లో రెండు పోతే మెజారిటీ ఉండదు, ఐదింటిలో రెండు పోయినా మూడు ఓట్లు మిగులుతాయి.

ఈ లెక్కను నెలకోసారి, కొత్త పెద్ద మెషిన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ వేయాలి. ఏడాదికి ఒకసారైనా ముందే చెప్పి, పని తక్కువగా ఉండే రాత్రి ఒక హోస్ట్ పవర్ తీసేయాలి. మెషిన్లు లేచిన వెంటనే పరీక్ష ముగించకుండా, డేటాబేస్ తన మెమరీని మళ్లీ నింపుకొని సెఫ్ ప్రతులన్నీ పూర్తయ్యేదాకా మిగిలిన హోస్ట్‌లనే నడవనివ్వాలి.