గ్రంథకర్తృ పరిచయమున బిరుదములు, పట్టములు

తెలుఁగు కవులు తమ బిరుదములను జెప్పికొనుట క్రొత్త గాదు. అయినను వానిని జెప్పవలసిన తావేదో వారెఱుఁగుదురు. ఆశ్వాసాంతగద్యమే యా తావు. తిక్కన గద్యమున ఉభయకవిమిత్రత్వమును, తండ్రిపేరును, బుధారాధనమును ముందు నిలువఁగా కవిపేరు పిమ్మట వచ్చును. పేరునంటి యున్న సోమయాజిశబ్దము యజ్ఞము చేసినవానికే చెల్లునది గావున, దానిని నేఁటి పట్టాక్షరములకు పూర్వరూప మనవచ్చును. పోతన గద్యము మఱింత పొట్టిది: ఈశ్వరకరుణ, తండ్రిపేరు, సహజపాండిత్యము, అంతియే. పెద్దన గద్యము దీర్ఘమే గాని, అదియు నాశ్వాసాంతమునకే పరిమితము. పద్యముల నడుమ నీ బిరుదములు చదువరి కడ్డుపడవు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప గద్యము చేసిన పని రెండుగాఁ జీలినది. పేరు ముఖపత్రమున కెక్కినది. చరిత్ర పుస్తకము చివరి యట్టమీఁది పరిచయవాక్యములలోనికిఁ బోయినది. చిక్కంతయు నీ రెండింటి హద్దు చెఱిగిపోవుటవలనఁ గలిగినది. ద్విపదచ్ఛందస్సుపై నొక గ్రంథము వెలువడిన దనుకొందము. దాని ముఖపత్రమున గ్రంథకర్త పేరిట్లున్న దని యూహింపుఁడు: «సాహితీభూషణ, పద్మశ్రీ, డాక్టరు ఫలానావారు, ఎం.ఏ. (తెలుఁగు), ఎం.ఏ. (సంస్కృతము), ఉభయభాషాప్రవీణ, బి.ఇడి., పిహెచ్.డి., విశ్రాంత ప్రధానోపాధ్యాయులు.» ఇది కల్పితోదాహరణమే గాని, ఇట్టిది చూడని పాఠకుఁ డుండఁడు.

ఈ వాక్యమును కావ్యమును బరీక్షించునట్లే పరీక్షింపవచ్చును. డాక్టరు, పిహెచ్.డి. యను రెండును ఒక్క పట్టమునే చెప్పుచున్నవి గావున పునరుక్తి. ఒకటి యున్నచో రెండవది యుండరాదు. బి.ఇడి. బోధనార్హతను దెల్పును, ఛందశ్శాస్త్ర గ్రంథమున కది యపుష్టార్థము, అనఁగా ప్రకృతార్థమును బోషింపదు. సాహితీభూషణశబ్దమునకు కర్త లేఁడు: ఎవ రిచ్చిరి, ఎన్నఁడిచ్చిరి, దేనికిచ్చిరి యను మూఁడు ప్రశ్నలకు ప్రత్యుత్తరము దొరకదు. పేరును జదువఁబోయిన కన్ను పేరు దొరకక వెదకుకొనుచుండును. బెదరినవాఁడు సాక్షులను మందగాఁ దెచ్చినట్లు తోఁచుట కిదియే కారణము. సాక్షు లధికమైనకొలఁది వ్యవహారము బలహీన మని న్యాయసభలో ననుమానింతురు గదా.

పద్మశ్రీ మాట వేఱు. అది యపుష్టార్థము మాత్రమే కాదు, నిషిద్ధము గూడ. సైనిక, విద్యావిషయక గౌరవములు దక్క ప్రభుత్వము బిరుదము లీయరా దని భారతరాజ్యాంగము 18వ యనుచ్ఛేదము విధించినది. పద్మపురస్కారము లీ నిషేధమునకు లోఁబడునా యను వివాదమును సుప్రీంకోర్టు బాలాజీ రాఘవన్ వ్యాజ్యమున 1995 డిసెంబరులో తీర్చినది. అవి పురస్కారములే గాని బిరుదములు గావనియు, కావుననే పేరునకు ముందుఁగాని వెనుకఁగాని చేర్చికొనరాదనియు దాని నిర్ణయము. కాఁబట్టి «పద్మశ్రీ ఫలానావారు» అని యచ్చు వేయించుట, పురస్కారము నిలుచుటకు న్యాయస్థానము చెప్పిన కారణమునే కాదనుటయగును. అయితే పలానా సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించిన దని పరిచయవాక్యమునఁ జెప్పుట కే యాటంకమును లేదు. అదే గౌరవము పేరున కంటినచో దోషము, వాక్యమున నిలిచినచో సమాచారము.

విశ్వనాథ సత్యనారాయణగారి విషయమున నీ భేదము స్పష్టపడును. ఎం.ఏ. చదివి గెలిచిన పట్టము. కళాప్రపూర్ణ విశ్వకళాపరిషత్తు గౌరవార్థ మిచ్చునది. కవిసమ్రాట్ అభిమానుల నోటఁ బ్రసిద్ధమైనది. 1970లో లభించిన పద్మభూషణము ప్రభుత్వ పురస్కారము. జ్ఞానపీఠ మొక సంస్థ యిచ్చునది. ఈ యైదింటికి మూలము లైదు. వీని నన్నిటినిఁ గామాలతోఁ గూర్చి పేరు ముందు నిలిపినచో మూలభేదము మాసిపోయి యన్నియు నొక్కరాశి యగును. ఏది పరీక్ష, ఏది గౌరవము, ఏది జనవాక్యము అని తెలియఁగోరు విద్యార్థి కారాశి నిరుపయోగము.

ఇఁక కల్పితోదాహరణమును సవరింపవలసియున్నది. ముఖపత్రమున నింటిపేరును, పేరును మాత్రమే యుండును. అట్టమీఁద నిట్లు వ్రాయవచ్చును: «ద్విపదచ్ఛందస్సుపైఁ జేసిన పరిశోధనకు 1984లో పిహెచ్.డి. తెలుఁగు, సంస్కృతములందు ఎం.ఏ.; అంతకుముందు ఉభయభాషాప్రవీణ పరీక్షలో నుత్తీర్ణత. ఉన్నతపాఠశాలలలో నిరువదియాఱేండ్లు తెలుఁగుబోధన. 2009లో పద్మశ్రీ పురస్కారము.» సాహితీభూషణము తొలఁగినది, ఇచ్చిన సభ పేరు, సంవత్సరము తెలిసినచోఁ దిరిగి చేర్పవచ్చును. గ్రంథవిషయమున కెక్కువ దగ్గఱయైనది మొదట నిలిచినది. ఉభయభాషాప్రవీణ బిరుదము గాదు, పరీక్షాపట్ట మనుట నేఁటి పిల్లలకుఁ దెలియదు గావున పరీక్షాశబ్ద మచ్చట వ్యర్థము గాదు.

ఈ పరిచయమున క్రియాపదములు లేకపోవుట యాదృచ్ఛికము గాదు. పరిచయమును సాధారణముగా గ్రంథకర్తయే వ్రాసి ప్రకాశకుని కిచ్చును. అది యితరుఁడు వ్రాసినట్లు కనఁబడవలయును. ఇంగ్లీషున నీ చిక్కు లేదు. తెలుఁగున మాత్రము «జన్మించిరి, రచించిరి» యనినచోఁ దన్నుఁ దానే గారవించికొన్నట్లగును. «జన్మించెను, రచించెను» అనినచో పరులు వ్రాసిన దని నమ్ము పాఠకునకు మర్యాదలోప మగపడును. నామవాచకములతో ముగియు పొట్టివాక్యములు రెండుదోషములను దప్పించును. «సుప్రసిద్ధులు», «బహుముఖప్రజ్ఞాశాలి» వంటి విశేషణములకును అపుడు చోటుండదు. పురస్కారమునకుఁ బరిశీలింపఁబడితి మనుట, పిహెచ్.డి. పేరు ప్రక్కఁ గుండలీకరణమున «సమర్పితము» అనుట మున్నగునవి యింకను జేతికందని ఫలమును జూపుటయే గావున వానిని విడుచుట మేలు.

పేరువరుసను ఖాళీగా నుంచుటవలన గ్రంథాలయమునకును సౌకర్యము. 1978లో వెలువడిన ఆంగ్లో-అమెరికను సూచీకరణసూత్రముల రెండవకూర్పు, కర్తృనామమును గూర్చిన వివరణమున బిరుదములను, అర్హతలను సాధారణముగ విడువుమని చెప్పును. వ్యక్తిని గుర్తించుటకుఁ గాని, ఒంటిపేరే యున్నచోఁ గాని నిలుపుమనును. తెలుఁగుపేళ్లలో నింటిపేరు ముందుండుటచే ముందు చేరిన బిరుదమును ఇంటిపేరుగా భ్రమించు నపాయమును గలదు. భాష రాని సూచీకర్త చేతిలో సాహితీభూషణ యింటిపేరై, గ్రంథము సకారమునకుఁ బోవును.

సూత్రమున కపవాదములు లేకపోలేదు. వైద్యగ్రంథమున ఎం.బి.బి.యస్. పేరు ప్రక్కనే యుండుట యుచితము. అచట పాఠకునకు మొదట కావలసినది గ్రంథకర్త యర్హతయే. పేరు చూచినంతనే పాండిత్యమును శంకించు సభలలో, ముఖ్యముగ స్త్రీలకును, తమ వంశమున మొదట చదివినవారికిని, డాక్టరుశబ్దము డంబము గాదు, శంకకు సమాధానము. అట్టి చోట దానిని దీసివేయుమని యుపదేశించువాఁడు తన పేరునకు శంక యెన్నఁడును రాని వాఁడై యుండును. అట్లైనను ఆ ఒక్క శబ్దమే చాలును; పిహెచ్.డి. మరల వెనుకఁ జేరనక్కఱలేదు.