ఎనిమిది కాళ్ల గుర్రం, కట్టేసిన తోడేలు

స్కాండినేవియా దేవతలు తమ కోట ఆస్‌గార్డ్‌కు గోడ కట్టించుకున్న కథలో ఒక బేరం ఉంది. ఎవరో తెలియని ఒక తాపీ మేస్త్రీ వచ్చి, కొండరాక్షసులు దాటలేని గోడ కట్టిపెడతానన్నాడు. కూలిగా ఫ్రెయా దేవిని, సూర్యుణ్ణి, చంద్రుణ్ణి ఇమ్మన్నాడు. ఒక్క చలికాలంలో పని ముగించాలి, ఏ మనిషి సాయమూ తీసుకోకూడదు అని దేవతలు షరతు పెట్టారు. ‘నా గుర్రాన్నయినా వాడుకోనివ్వండి’ అని అతనడిగితే, సరేననమని సలహా ఇచ్చినవాడు లోకి. ఆ గుర్రం రాత్రిళ్లు కొండల్లాంటి బండలు లాక్కొచ్చింది. వేసవి మూడు రోజుల్లో వస్తుందనగా గోడ దాదాపు పూర్తయింది, ఇక గుమ్మం ఒక్కటే మిగిలింది. దేవతలు లోకిని పట్టుకుని, దారి చూపకపోతే చంపేస్తామన్నారు. ఆ రాత్రి లోకి ఆడగుర్రమై అడవిలోంచి సకిలించాడు. మేస్త్రీ గుర్రం పగ్గాలు తెంపుకుని వెంటపడింది. పని ఆగిపోయింది. మేస్త్రీ కోపంతో ఊగిపోయేసరికి అతడూ రాక్షసుడేనని బయటపడింది. చేసిన ప్రమాణాలన్నీ పక్కన పెట్టి థోర్ సుత్తితో అతడి తల పగలగొట్టాడు. కొన్నాళ్లకు లోకి ఒక పిల్లను కన్నాడు. బూడిదరంగు, ఎనిమిది కాళ్లు. అదే స్లీప్‌నిర్. దేవతలకు పెద్దయిన ఓడిన్ ఎక్కి తిరిగే గుర్రం.

లోకి చేసే పని ఎప్పుడూ ఈ తీరునే సాగుతుంది. చిక్కు తెచ్చేదీ అతడే, విప్పేదీ అతడే. విప్పాక దేవతల చేతిలో ముందు లేని ఆస్తి ఒకటి చేరుతుంది. థోర్ భార్య సిఫ్ జుట్టు అల్లరికి కత్తిరించేశాడు. తప్పు దిద్దుకోవడానికి మరుగుజ్జు కమ్మరుల దగ్గరికి వెళ్లి బంగారు జుట్టు చేయించాడు. ఆ ఒక్క ప్రయాణంలోనే ఓడిన్ ఈటె, మడిచి సంచిలో పెట్టుకోగల ఓడ, థోర్ సుత్తి దేవతలకు దక్కాయి. వాళ్లకున్న గొప్ప ఆయుధాలు చాలావరకు లోకి నేరాలకు పరిహారంగా వచ్చినవే. సినిమాల్లో లోకి ఓడిన్‌కు పెంపుడు కొడుకు. పురాణంలో అలా కాదు. ఇద్దరూ పూర్వం రక్తం కలుపుకుని అన్నదమ్ములైనవాళ్లు. ఆ మాట లోకి దేవతల విందులో అందరి ముందూ ఓడిన్‌కు గుర్తు చేస్తాడు. ఓడిన్ కాదనడు.

స్లీప్‌నిర్‌ను ఇంతసేపు తలచుకోవడానికి కారణముంది. లోకి సంతానం అంటే దేవతలకు వణుకు అని అందరూ చెబుతారు. మరి ఈ గుర్రం కూడా లోకి సంతానమే కదా. ఎనిమిది కాళ్లతో, మగదేవుడి కడుపున, జంతువుకు పుట్టింది. వింతపుట్టుకలో మిగతా పిల్లలకంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. అయినా దాన్ని చూసి ఎవరూ భయపడరు. గుర్రాల్లో మేలైనదని పొగుడుతారు. కాబట్టి దేవతల భయం ఆకారంలో లేదు. ఆ పిల్ల ఎవరి చేతిలో ఉంది, ఎక్కడ పుట్టింది అన్నదాంట్లో ఉంది.

మిగతా ముగ్గురు పుట్టింది రాక్షసలోకంలో, ఆంగర్‌బోడ అనే రాక్షసి కడుపున. ఫెన్రిర్ అనే తోడేలు, యోర్మున్‌గాండ్ అనే మహాసర్పం, హెల్ అనే కూతురు. ఈ కథను వరసగా చెప్పింది స్నోరీ స్టర్లుసన్. ఐస్‌లాండ్‌లో పెద్ద రాజకీయ నాయకుడు, పండితుడు. 1220 ప్రాంతంలో రాసిన గ్రంథంలో, ముగ్గురు పిల్లలు అక్కడ పెరుగుతున్నారన్న కబురు దేవతలకు అందినప్పుడు వాళ్లేమనుకున్నారో కూడా చెప్పాడు. జోస్యాలు వెతికించి, ఈ తోబుట్టువుల వల్ల తమకు పెద్ద కీడు రాసి ఉందని తెలుసుకున్నారు. తల్లి వైపు చూస్తే చెడు, తండ్రి వైపు చూస్తే అంతకన్నా చెడు అనుకున్నారు.

ఈ తండ్రి వైపు మాట దగ్గర కాస్త ఆగాలి. రాక్షసరక్తం ఉండటమే తప్పయితే ఓడిన్‌కే చోటు లేదు. అతడి తల్లి బెస్ట్లా రాక్షసకన్య. థోర్ తల్లి యోర్డ్‌దీ రాక్షసవంశమే. దేవతలు రాక్షసుల ఆడపిల్లలను తెచ్చుకుంటారు, పిల్లలను కంటారు, వాళ్లను తమవాళ్లే అంటారు. కానీ రాక్షసులు ఫ్రెయాను అడిగిన ప్రతిసారీ యుద్ధమే. ఆడపిల్ల ఒకవైపే నడవాలన్న ఈ కట్టడిని మార్గరెట్ క్లూనీస్ రాస్ అనే పరిశోధకురాలు 1994లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించారు. నాకు లోకి కథలన్నిటికీ తాళంచెవి అదే అనిపిస్తుంది. లోకి తండ్రి ఫార్బౌటి రాక్షసుడు. తల్లి లౌఫే. కథలు లోకిని లౌఫే కొడుకుగానే ఎక్కువగా పిలుస్తాయి, తండ్రిని పక్కకు పెడతాయి. తండ్రి తరఫున బయటివాడై ఉండి లోపల కూర్చున్నవాడు అతడొక్కడే. అతడు ఆడగుర్రమై తల్లయినప్పుడు బిడ్డ దేవతల కొట్టంలోకి వచ్చింది. తండ్రయినప్పుడు మాత్రం బిడ్డలు బయట పుట్టారు, బయటివాళ్ల బలమయ్యారు.

ఓడిన్ ముగ్గురినీ రప్పించాడు. పామును ప్రపంచం చుట్టూ ఉన్న సముద్రంలోకి విసిరేశాడు. అది అక్కడే పెరిగి, భూమిని చుట్టుకుని తన తోక తానే కరుచుకునేంతయింది. హెల్ శరీరం సగం నల్లనీలం, సగం మామూలు చర్మం రంగు. ఆమెను పాతాళంలోని మంచులోకానికి తోసి, రోగంతోనూ ముసలితనంతోనూ చచ్చినవాళ్లందరినీ ఆమెకు అప్పగించాడు. ఒకరికి సముద్రమంతా, మరొకరికి చావంతా. వెలి వేశామనుకుంటూ రాజ్యాలు కట్టబెట్టాడు.

తోడేలును మాత్రం ఇంట్లోనే పెంచారు. దగ్గరికెళ్లి మేత వేసే ధైర్యం టీర్ అనే దేవుడికొక్కడికే ఉండేది. అది రోజురోజుకూ ఎంత పెరుగుతోందో చూశాక, కట్టేయాలనుకున్నారు. బలవంతంగా కట్టలేరు. అందుకని దాని బలాన్ని పరీక్షిద్దామన్నట్టు నటించారు. లేడింగ్ అనే ఇనుప సంకెల తెచ్చారు. తోడేలు చూసి, ఇదేమంత కష్టం కాదనుకుని కట్టించుకుంది. ఒక్క తన్నుకు తెగింది. దానికి రెట్టింపు గట్టిదైన డ్రోమి తెచ్చారు. ఇది గట్టిదే, కానీ పేరు రావాలంటే ప్రమాదానికి ఎదురెళ్లాలి అనుకుంది తోడేలు. విదిలించి, నేలకేసి కొట్టి, కాళ్లు తన్నిపెట్టేసరికి ముక్కలు ఎగిరిపడ్డాయి.

మూడోసారి ఓడిన్ మరుగుజ్జు కమ్మరులకు కబురు పంపాడు. వాళ్లు ఆరు వస్తువులతో గ్లైప్‌నిర్ అనే బంధం చేశారు: పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగు నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి. పట్టు రిబ్బనులా నున్నగా, మెత్తగా ఉందది. పిల్లి నడిస్తే చప్పుడెందుకు రాదో, కొండకు వేళ్లెందుకు లేవో దీనితో తెలిసిందా అని కథ చెప్పేవాడు అడుగుతాడు. ఈ ఆరింటినీ లోకంలోంచి తీసేసి, లేనివాటితోనే ఆ తోడేలును కట్టారన్నమాట. ఉన్న ఏ పదార్థానికీ అది లొంగదని ఇంతకన్నా బాగా ఎలా చెప్పాలి!

ఒక సరస్సులోని లింగ్వి అనే దీవికి తోడేలును పిలుచుకెళ్లారు. ఇక్కణ్ణుంచి కథంతా మాటల మీద నడుస్తుంది. ఈ సన్నటి దారం తెంపితే నాకు పేరేమొస్తుంది, ఇందులో మాయ ఉంటే నేను కట్టించుకోను అంటుంది తోడేలు. ఇది కూడా తెంపలేకపోతే నువ్వు మాకు ప్రమాదమే కావు, విప్పేస్తాం అంటారు దేవతలు. విప్పరని దానికి తెలుసు. పిరికిదన్న మాట పడటం ఇష్టం లేదు. ‘మోసం లేదంటే, మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టండి’ అంటుంది. దేవతలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి టీర్ తన కుడిచెయ్యి పెట్టాడు. తోడేలు గింజుకున్న కొద్దీ ఆ రిబ్బను బిగుసుకుంది. అందరూ నవ్వారు, టీర్ తప్ప. అతడి చెయ్యి పోయింది.

గోడ కట్టిన మేస్త్రీ కథలోనూ దేవతలు మాట తప్పారు, ఇక్కడా తప్పారు. మొదటిసారి నష్టమేమీ లేదు. రెండోసారి, మాటకు హామీగా నిలిచినవాడి అవయవం పోయింది. పోగొట్టుకున్నవాడు, ఇన్నాళ్లూ దానికి తిండి పెట్టినవాడు ఒక్కడే.

కట్టాక దానికి గట్టి తాడొకటి ముడివేసి, పలకరాయిలోంచి దూర్చి భూమి లోతుల్లో పాతారు. కరవబోతే నోట్లో కత్తి నిలువుగా దిగేశారు, పిడి కింది దవడకు, మొన పై దవడకు. దాని నోటి నురగ నదిగా పారుతోందట. ఇంత చేసినవాళ్లు చంపెయ్యొచ్చు కదా? కంసుడి కథ తెలిసిన మనకు ఆ ప్రశ్న వెంటనే తడుతుంది. జోస్యం విన్న కంసుడు పసిపిల్లలను చంపడానికి వెనకాడలేదు. ఇదే ప్రశ్న కథలోనూ ఒక పాత్ర అడుగుతుంది. దేవతలకు తమ పవిత్రస్థలమంటే ఎంతో గౌరవం, తోడేలు నెత్తురుతో దాన్ని మైలపరచదలచుకోలేదు, ఓడిన్‌ను చంపేది అదేనని జోస్యం చెబుతున్నా సరే అన్నది జవాబు. ఈ జవాబు నాకు నిజాయితీగానే కనిపిస్తుంది. రక్తసోదరుడి బిడ్డ, తమ పెరట్లో పెరిగింది. దాన్ని చంపితే బయటి శత్రువును చంపినట్టు కాదు.

తర్వాత వచ్చే బాల్డర్ మరణంలో లోకి పని తీరు మారిపోతుంది. ఓడిన్ కొడుకు బాల్డర్‌కు హాని చెయ్యబోమని సృష్టిలో అన్నీ ప్రమాణం చేశాయి, లేతదని వదిలేసిన మిసిల్‌టో అనే బదనిక మొక్క తప్ప. లోకి దాన్ని గుడ్డివాడైన హోడ్ చేతికిచ్చి, గురి చూపించాడు. బాల్డర్ పడిపోయాడు. ఈసారి చిక్కు విప్పి కొత్త ఆస్తి తెచ్చేవాడు లేడు. బాల్డర్‌ను తిరిగి ఇమ్మని అడగడానికి హెర్మోడ్ తొమ్మిది రాత్రులు చీకటి లోయల్లో ప్రయాణించాడు. ఎక్కింది స్లీప్‌నిర్, వెళ్లింది హెల్ ఇంటికి. లోకి బిడ్డ మీదెక్కి లోకి బిడ్డనే బతిమాలుకోవాల్సి వచ్చింది. లోకంలో అన్నీ ఏడిస్తే పంపుతానంది హెల్. అన్నీ ఏడ్చాయి, గుహలో కూర్చున్న ఒక రాక్షసి తప్ప. అది లోకియేనని అందరూ అనుకున్నారు.

ఇక దేవతలు లోకినే కట్టారు. అతడి భార్య సిగిన్‌కు పుట్టిన ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణి దేవతలు తోడేలుగా మార్చారు. ఆ తోడేలు రెండోవాణ్ణి చీల్చింది. ఆ పేగులతో తండ్రిని బండలకు బిగించారు. ఏ రూపంలో ఉన్న ఫెన్రిర్‌ను బంధించారో, ఆ రూపాన్ని ఇంకో బిడ్డకు తమ చేతులతో తొడిగారు. లోకిని ఇలా కట్టేయడం స్నోరీ కల్పన అనుకోవడానికి లేదు. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే, పదో శతాబ్దంలో, ఇంగ్లండ్‌లోని గోస్‌ఫర్త్‌లో నిలబెట్టిన రాతి శిలువ మీద కట్టివేసిన మగవాడూ, పక్కన గిన్నె పట్టుకున్న ఆడమనిషీ కనిపిస్తారు. పైనుంచి పాము విషం భర్త మొహం మీద కారకుండా గిన్నె పట్టే సిగిన్‌ను చెక్కారనే పండితులు గుర్తిస్తారు.

చివరి యుద్ధం రాగ్నరోక్‌లో కట్లన్నీ తెగుతాయి. తోడేలు ఓడిన్‌ను మింగుతుంది. పామును చంపిన థోర్ దాని విషానికి తొమ్మిదడుగులు వేసి కూలుతాడు. లోకి, దేవతల కాపలాదారు హైమ్‌డాల్ ఒకరినొకరు చంపుకుంటారు. లోకం కాలిపోతుంది. హెల్ ప్రజలు లోకి వెంట వచ్చారని ఉంది గానీ, ఆమె ఎవరితోనో పోరాడినట్టు స్నోరీ రాయలేదు. మంటలు చల్లారాక, మళ్లీ పచ్చబడిన నేల మీదికి బాల్డర్, అతణ్ణి చంపిన హోడ్ కలిసి నడిచి వస్తారు. ఆ అన్నదమ్ములిద్దరూ వచ్చేది హెల్ ఇంటినుంచే.